ప్రిన్సిపాల్‌కు రాసిన ఆ లేఖ గురించి

అమ్మాయీ,

నీ చిత్తుప్రతి చదివాను. హాజరు పట్టీని రెండు పేజీలు తిట్టి, నీకు కావలసింది మూడో పేజీ అడుగున రాశావు. ప్రిన్సిపాల్ గారు అక్కడిదాకా రారు. మొదటి వాక్యంలోనే అడిగెయ్: “ఏడో తరగతి హాజరును ఒక నెలపాటు కంప్యూటర్‌లో పట్టికగా కూడా రాస్తాను, అనుమతించండి.” ఆ ‘కూడా’ వదలకు. పట్టీ ఆయన సంతకం పెట్టే రికార్డు. దాన్ని తీసేద్దామంటే ఇక మిగతాది చదవరు.

‘పారదర్శకత’, ‘ఆధునికత’ కొట్టెయ్. వాటి చోట నువ్వు నాకు ఫోన్లో చెప్పిన పిల్లాడి సంగతి రాయి. నెల మధ్యలో చేరాడు. ఆ నెల పనిదినాలు 24, వాడు చేరాక మిగిలినవి 10, వచ్చింది 9 రోజులు. క్లాసందరికీ వేసినట్టే వాడికీ 24తో భాగిస్తే 37.5 శాతం తేలింది. ఇంటికి కబురెళ్లింది, తండ్రి కూలి మానుకుని పరుగెత్తుకొచ్చాడు. నిజంగా వాడిది 90 శాతం! తప్పు లెక్క వేసిన టీచరుది కాదని కూడా రాయి. పట్టీలో ఖాళీ గడి ఉంటే పిల్లాడు అప్పటికి చేరలేదా, సెలవా, టీచరు గుర్తు పెట్టడం మరిచారా అన్నది తెలియదు కదా.

ఆ తర్వాత నీ పట్టిక చూపించు. ఒక పిల్లాడికి ఒక రోజు అంటే ఒక వరుస, అంతే.

```
A: తేదీ | B: అడ్మిషన్ నం. | C: హాజరు | D: కారణం
18-06   | 1047            | P        |
19-06   | 1047            | A        | జ్వరం
```

పేరు బదులు అడ్మిషన్ నంబరు ఎందుకో ఒక్క ముక్కలో చెప్పు: మీ క్లాసులో ఇద్దరు లక్ష్ములున్నారు. శాతం ఇలా వస్తుంది:

```
=COUNTIFS(B:B,1047,C:C,"P")/COUNTIF(B:B,1047)
```

చేరకముందు వాడికి వరుసలే ఉండవు కాబట్టి 24తో భాగించే ప్రశ్నే రాదు.

ఆయన అడగబోయేది ఒకటుంది. 40 మంది, 24 రోజులంటే 960 వరుసలు. ఎవరు కొడతారు? రోజూ 40 నంబర్లూ P తో సహా కాపీ చేసి, తేదీ మార్చి, రానివాళ్లకు మాత్రం A పెడతానని ముందే రాసెయ్. నాలుగైదు మార్పులకు మించవు.

ఒక లోపం నువ్వే ఒప్పుకో. ఏ రోజైనా ఎక్కించడం మరిచిపోతే ఆ రోజు పనిదినమే కానట్టు లెక్క తేలుతుంది, చప్పుడు లేకుండా. అందుకని ప్రతి శనివారం ఒక్కో తేదీకి ఎన్ని వరుసలున్నాయో లెక్కబెట్టి, పట్టీతో సరిచూస్తానని రాయి. నా అనుభవంలో పెద్దసార్లు ‘సరే’ అనేది ఇలాంటి వాక్యం దగ్గరే.

అంతా ఒక పేజీలో సర్దు. పిల్లాడి పేరు మాత్రం లేఖలో ఎక్కడా రానివ్వకు, 1047 చాలు.

— మీ మాస్టారు