బిల్లు అందలేదన్న కొనుగోలుదారు, తడిసిన కట్ట చెప్పిన సాక్ష్యం

ప్రశ్న: మాది కావలిలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. 2024 జూన్‌లో ఒక ప్రైవేటు కళాశాలకు ప్రవేశాల బ్రోచర్లు, కరపత్రాలు వేసి ఇచ్చాం. రూ.1,42,000 రావాలి. ఎప్పుడడిగినా రేపు మాపు అన్నవారు ఇప్పుడు ‘మీ ఇన్వాయిస్ మాకు అందనే లేదు’ అంటున్నారు. ఇన్వాయిస్ వాట్సాప్‌లో పంపాం. సరుకు మా కుర్రవాడు ఆటోలో దించి వచ్చాడు, చలానా మీద వాచ్‌మన్ సంతకం ఉంది. ఇది సరిపోతుందా?

జవాబు: ముందుగా ఒక విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. సరుకు ఆర్డరిచ్చి, దానిని తీసుకున్న వారి మీద ధర చెల్లించే బాధ్యత ఆ సరుకు వల్లనే ఏర్పడుతుంది కానీ బిల్లు కాగితం వల్ల కాదు. బిల్లు అందలేదని రుజువైనా బాకీ పోదు. మహా అయితే చెల్లింపు గడువు ఎప్పుడు మొదలైందన్న తగువు మిగులుతుంది. కాబట్టి ‘బిల్లు పంపాను’ అని నిరూపించడానికి తంటాలు పడేకంటే ‘సరుకు వారికి చేరింది’ అని నిరూపించడం మీద దృష్టి పెట్టండి. అది ఎలా ఉంటుందో కొన్నేళ్ల కిందట ఒంగోలులో నేను నడిపిన దావా ఒకటి చెబితే మీకు స్పష్టంగా అర్థమవుతుంది.

ఒక ప్రెస్సు యజమాని చీమకుర్తి వైపున్న గ్రానైటు వ్యాపారి ఒకరికి మూడు వేల రంగుల కేటలాగులు వేశారు. కట్టకు 75 చొప్పున 40 కట్టలు, పన్నుతో కలిపి రూ.2,18,000. వ్యాపారి రెండేళ్లు తిప్పి, చివరికి దావా వేస్తే, తనకు ఇన్వాయిస్ రాలేదనీ, సరుకూ రాలేదనీ, చలానా మీద సంతకం చేసిన మనిషి ఎవరో తనకు తెలియదనీ కోర్టుకు రాతపూర్వకంగా చెప్పారు. మా చేతిలో ఉన్నవి ప్రెస్సు లెడ్జరు, ఈ-వే బిల్లు, కార్బన్ ప్రతులున్న చలానా పుస్తకం. లెడ్జరు మనం రాసుకున్నదే కాబట్టి, ఆ పద్దులు ఒక్కటే ఒకరి మీద బాకీ మోపడానికి చాలవని సాక్ష్య చట్టమే చెబుతుంది. ఈ-వే బిల్లు చెప్పేది ఫలానా బండి సరుకుతో బయలుదేరిందని మాత్రమే, ఆ సరుకును ఎవరు దించుకున్నారో అది చెప్పదు.

చలానా కథ వేరు. సరుకు పంపింది అక్టోబరులో, వాన పడుతున్న రోజు. ట్రాలీ ఆటో మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల జారిపోవడంతో అడుగున ఉన్న కట్ట ఒకటి తడిసింది. దించుకున్న గుమాస్తా, చలానాలో టైపు చేసిన ‘40’ని పెన్నుతో కొట్టివేసి, పక్కన ‘39 — ఒకటి తడిసినది, వాపసు’ అని రాసి, పొట్టి సంతకం, తేదీ వేశాడు. మరునాడు ప్రెస్సువారు ఇంకో 75 కేటలాగులు పంపి రెండో చలానా మీద సంతకం తీసుకున్నారు. నేను ఆ గుమాస్తాను సాక్షిగా పిలిపించి మొదటి చలానా చేతికిచ్చాను. సంతకం తనది కాకపోవచ్చునని తప్పించుకోబోయాడు కానీ, ‘తడిసినది’ అన్న రాత ఎవరిదని అడిగినప్పుడు, కాసేపు ఆగి, తనదేనని ఒప్పుకున్నాడు. సరుకే రాని మనిషి కట్టలు లెక్కపెట్టడు, తడిసినదాన్ని వేరుచేసి తిప్పి పంపడు. ఆ దిద్దుబాటు వల్ల, ఎవరో ముద్ర వేసి కల్పించిన కాగితమన్న వాదన నిలవలేదు.

అయినా, ఆ గుమాస్తాకు సరుకు తీసుకునే అధికారం లేదన్న వాదన మిగిలింది. దానికి పాత చలానాలు పనికివచ్చాయి. అంతకు ముందు మూడు ఆర్డర్లకు అదే మనిషి అదే పొట్టి సంతకం చేశాడు, ఆ మూడింటి సొమ్మునూ వ్యాపారి తన బ్యాంకు ఖాతా నుంచి పంపారు. తన మనిషికి అధికారం ఉన్నట్టు ఎదుటివారు నమ్మేలా నడుచుకున్న యజమాని ఆపైన కాదనలేరని కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ చెబుతుంది. ఇన్వాయిస్ సంగతి జీఎస్టీతో తేలింది: మా అభ్యర్థన మీద కోర్టు వ్యాపారి కొనుగోలు రిజిస్టరు తెప్పిస్తే, అందులో మా ఇన్వాయిస్ నంబరుతో ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న పద్దు, అంటే కొన్న సరుకు మీది పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్న పద్దు, కనిపించింది. ఇన్వాయిస్ చేతిలో ఉండి, సరుకు అందితే తప్ప ఆ క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వడ్డీతో సహా డిక్రీ వచ్చింది.

మీ విషయంలో ఈ చివరి దారి దొరకకపోవచ్చు. విద్యాసంస్థలు సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవు. మీరు మీ రిటర్నులో ఇన్వాయిస్ చూపించి ఉన్నా అది మీ పనే తప్ప వారి ఒప్పుకోలు కాదు. అందువల్ల వాచ్‌మన్ సంతకాన్ని బలపరచాలి. ఆయన గతంలో సంతకం చేసిన మీ చలానాలు, వాటికి కళాశాల చెల్లించిన బ్యాంకు వివరాలు వెతకండి. ఆటో దించిన రోజు మీకు గానీ మీ కుర్రవాడికి గానీ కళాశాల నుంచి వచ్చిన మెసేజీ ఏదైనా ఉందేమో చూడండి. ఆ వేసవిలో కళాశాల ఊళ్లో పంచిన బ్రోచరు ఒకటి, అడుగున మీ ప్రెస్సు పేరు ఉన్నది, ఎవరి ఇంట్లోనైనా దొరికితే అది వంద సంతకాలకు సాటి. సరుకును తనదిగా వాడుకున్న కొనుగోలుదారు దానిని స్వీకరించినట్టేనని సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ అంటుంది.

వాట్సాప్ ఇన్వాయిస్ పంపిన ఫోను అమ్మవద్దు, చాట్ తుడిచివేయవద్దు. నీలం టిక్కులు బలహీనమైన సాక్ష్యమే అయినా, దాని కింద ‘అకౌంట్స్‌కి ఇస్తాం’ లాంటి జవాబు వచ్చి ఉంటే అది చాలా విలువైనది. ఆ చాట్ ప్రింటు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం జతచేయాలి. చలానా పుస్తకం నుంచి ఆకులు చింపవద్దు, వరుస నంబర్లు తెగకుండా ఉన్న పుస్తకానికే విలువ. ఇప్పుడు వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి పాత తేదీతో కొత్త సంతకం తీసుకునే ఆలోచన మాత్రం దయచేసి చేయవద్దు. నిజమైన కేసు కూడా దానితో పాడైపోతుంది.

ఇక చేయవలసిన పని. ఇన్వాయిస్ ప్రతి, చలానా ప్రతి జతపరచి, 15 రోజుల్లో చెల్లించమని న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దానితో ‘బిల్లు అందలేదు’ అన్న మాట అక్కడితో ఆగిపోతుంది. సరుకు ఇచ్చేనాటికే మీకు చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ఉంటే దావాకు బదులు, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం కింద ఇలాంటి బాకీల తగవులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు కూడా వెళ్లవచ్చు. అందులో గడువు లెక్క బిల్లు తేదీ నుంచి కాక సరుకు చేరిన రోజు నుంచి మొదలవుతుంది; 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే స్వీకరించినట్టే. ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదు, ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది.

దావా వేయడానికి గడువు, అరువు ఇన్ని రోజులని ఒప్పుకోకపోయి ఉంటే, సరుకు చేరిన నాటి నుంచి మూడేళ్లు, అంటే 2027 జూన్‌లో మీ చలానా మీద ఉన్న తేదీ వరకు. ఈలోగా కళాశాల కొంత సొమ్ము పంపి, ఆ చెల్లింపు వారి రాతలోనో సంతకంతోనో ఉంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయి. నోటి మాటగా ‘చూద్దాం లెండి’ అన్నందువల్ల మాత్రం ఒక్కరోజు కూడా పెరగదు.