హోస్టింగ్ వాళ్ల బ్యాకప్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మాది పది పేజీల చిన్న వర్డ్‌ప్రెస్ సైటు. రోజూ బ్యాకప్ తీస్తామని హోస్టింగ్ వాళ్లు అంటున్నారు. అప్‌డేట్ చేస్తే ఏదైనా చెడిపోతుందేమోనని ఆరు నెలలుగా దేన్నీ ముట్టుకోలేదు. ఇలాగే వదిలేస్తే నష్టమా?

జవాబు:

నష్టమే. వాళ్లు రోజూ తీయడం సరే, ఎన్నాళ్ల బ్యాకప్పులు అట్టిపెడతారో ముందు కనుక్కోండి.

మా బంధువుల పచ్చళ్ల దుకాణం సైటు సంగతి చెబుతాను. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లకు అది జూదం సైటుగా తెరుచుకునేది. చిరునామా నేరుగా టైపు చేస్తే అంతా మామూలే. యజమాని సాధారణంగా అలాగే తెరుస్తారు కాబట్టి దొంగలు కావాలనే ఈ ఏర్పాటు చేస్తారు. ఒక ఖాతాదారు ఫోన్ చేసి చెప్పేసరికి దాదాపు నెల గడిచిపోయింది. హోస్టింగ్ వాళ్ల దగ్గర ఉన్నవి వారం రోజుల బ్యాకప్పులే. అన్నింటిలోనూ దొంగ ఫైలు భద్రంగా ఉంది! ఫొటోలు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైళ్లేమైనా ఉన్నాయేమోనని సర్వర్‌లో సైటు ఫోల్డర్ నుంచి ఇలా వెతికితే దొరికింది:

```
find wp-content/uploads -name "*.php"
```

కొన్ని ప్లగిన్‌లు అక్కడ ఖాళీ index.php పెడతాయి, వాటితో ప్రమాదం లేదు. వింత పేరుతో, లోపల చదవడానికి వీలుకాని అక్షరాల గుట్టతో కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఆ దొంగ ఫైలు లోపలికి వచ్చింది ఎప్పుడో డీయాక్టివేట్ చేసి వదిలేసిన పాత ప్లగిన్ గుండా. ఆపేశాం కదా అనుకుంటాం గానీ, దాని ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. 2020 సెప్టెంబరులో WP File Manager అనే ప్లగిన్‌లో లోపం బయటపడినప్పుడు దాడులు జరిగింది ఇలాగే, దాని ఫైలు ఒకదాన్ని బయటి నుంచి నేరుగా పిలిచి. 6.9 వెర్షన్‌తో ఆ లోపం సరిదిద్దారు. వాడని ప్లగిన్‌ను పూర్తిగా తొలగించండి.

అదృష్టవశాత్తూ UpdraftPlus అనే బ్యాకప్ ప్లగిన్ తీసిన రెండు నెలల నాటి కాపీ గూగుల్ డ్రైవ్‌లో ఉంది. ఆ తర్వాత రాసిన పేజీలను విడిగా ఎగుమతి చేసుకుని, పాత కాపీని పునరుద్ధరించాం. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పాత కాపీతో పాటు పాత రంధ్రం కూడా తిరిగి వస్తుంది! అందుకే వెంటనే ఆ వాడని ప్లగిన్ తీసేసి, మిగిలినవన్నీ అప్‌డేట్ చేసి, అడ్మిన్, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు మార్చాం.

మీరైతే UpdraftPlus లాంటి దానిలో వారానికొక బ్యాకప్ చొప్పున ఎనిమిది ఉంచమని అమర్చండి. డేటాబేస్, ఫైళ్లు రెండూ ఉండాలి, అవి సర్వర్ బయట ఉండాలి. అప్‌డేట్ భయానికి మందు కూడా అదే: బ్యాకప్ తీసుకుని, ప్లగిన్‌లను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ మొదటి పేజీ, సంప్రదింపు ఫారం తెరిచి చూడండి. ఏది చెడగొట్టిందో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి. వర్డ్‌ప్రెస్ తన షెడ్యూలు పనులను మామూలుగా ఎవరైనా సైటు తెరిచినప్పుడే చేస్తుంది. సందర్శకులు తక్కువైతే బ్యాకప్ ఆలస్యం కావచ్చు. అందుకని అప్పుడప్పుడూ డ్రైవ్‌లోకి వెళ్లి చివరి ఫైలు తేదీ, సైజు చూసుకోండి.