రాయితీ రాసి ఫీజు మింగిన అకౌంటెంట్

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఓ చిన్న ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్‌ని. సొంత తమ్ముడిలా చూసుకున్న అకౌంటెంటే ముంచాడు. తల్లిదండ్రుల దగ్గర 25,000 రసీదు ఉంది, మా కంప్యూటర్‌లో 17,000 కట్టినట్టు, 8,000 రాయితీ ఇచ్చినట్టు ఉంది. 2022 నుంచీ ఇదే తంతు, ఈమధ్యే బయటపడింది. బెదిరించి ఖాళీ చెక్కులు రాయించుకోమంటున్నారు మావాళ్లు. ఏం చేయాలి?

జవాబు: ఆ రాయితీలు ఎవరిచ్చారు? మీ కేసంతా ఇక్కడే తేలుతుంది. మీరు సంతకం చేసిన మంజూరు కాగితం లేకపోతే "సారే నోటితో చెప్పారు" అంటాడు. దాన్ని కాదనే ఆధారం మీరే చూపించాలి.

బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే నమ్ముకోకండి. కౌంటర్‌ఫాయిల్‌లో 17,000, డే బుక్‌లో 17,000, బ్యాంకులో జమ 17,000. మీ కాగితాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయి, అందుకే ఆడిట్‌లో దొరకలేదు. తేడా కనిపించేది తల్లిదండ్రుల చేతిలోని రసీదులోనే. కాబట్టి ఏడాదివారీగా రాయితీల జాబితా తీసి, మీరు నిజంగా ఇచ్చినవి పక్కన పెట్టి, మిగతా ప్రతి పిల్లాడి ఇంటి నుంచీ రసీదు జిరాక్సు, "పూర్తి ఫీజు కట్టాం, రాయితీ అడగలేదు" అని సంతకంతో ఉత్తరం తీసుకోండి. అసలు రసీదు పారేయవద్దని వాళ్లకి చెప్పండి. రాయితీ ఎంట్రీ ఏ తేదీన పడిందో కూడా చూడండి. మీరిచ్చే రాయితీ అడ్మిషన్‌ అప్పుడే ఖాయమవుతుంది కదా, డబ్బు కట్టిన రోజే పడిందంటే అనుమానించాల్సిందే.

ఆఫీసులో అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉంటే అది మీ నిర్లక్ష్యమే, ఆ ఎంట్రీ అతనే చేశాడని చెప్పడం కష్టమవుతుంది. ఇప్పుడైనా ఆ కంప్యూటర్ రికార్డులో ఒక్క అంకె సరిదిద్దకండి. ఆ రికార్డు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

డబ్బు రాబట్టే దావాకి గడువు మూడేళ్లు. మోసం దాచినప్పుడు అది తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు గానీ, కాస్త శ్రద్ధ పెడితే ముందే తెలిసేదని అతని లాయర్ వాదిస్తాడు, 2022 నాటి మొత్తాలకి ఆ ప్రమాదం ఎక్కువ. ఎలా బయటపడిందో, ఏ తేదీనో ఈరోజే రాసి పెట్టండి, ఆలస్యం చేయకుండా దావా వేయండి.

ఖాళీ చెక్కుల జోలికి మాత్రం అస్సలు పోకండి! గదిలో కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటే బెదిరింపు కేసు మీ మీదే పడుతుంది, ఆ చెక్కులూ కోర్టులో వివాదంలో పడతాయి. అతను తనంతట తాను తన దస్తూరీతో, మొత్తం, తేదీతో బాకీ ఒప్పుకుని రాసిస్తే మాత్రం తీసుకోండి. గడువు తీరకముందే సంతకం పెట్టి రాసిస్తే, మళ్లీ అప్పటి నుంచి మూడేళ్లు లెక్కకొస్తాయి.

జాబితా తయారయ్యాక పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. ఉద్యోగి చేసిన నమ్మకద్రోహం కింద, 2024 జులై 1 ముందు జరిగినవాటికి పాత చట్టం ఐపీసీలోని 408, తర్వాతవాటికి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లోని 316(4) వర్తిస్తాయి, రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష. ఆ 8,000 మళ్లీ కట్టమని తల్లిదండ్రులని అడగకండి, టీసీ ఆపకండి. మీ ఆఫీసు రసీదు ఇచ్చాక వాళ్లు కట్టేసినట్టే, పైగా రేపు మీకు సాక్షులు వాళ్లే.