జడ్జి కావాలంటే ఐదేళ్లు కాదు, పదేళ్ల లెక్క వేసుకోండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు. మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తున్నాను. నెలకు 28 వేలు వస్తాయి. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పాసైంది. లా చదివి జడ్జి అవుతానంటోంది. విజయవాడలో ఒక కాలేజీ వాళ్లు ఏడాదికి 50 వేలు ఫీజు చెప్పారు. ఐదేళ్లు ఎలాగోలా కడితే ఆ తర్వాత ఉద్యోగం వచ్చేస్తుంది కదా? బాబు ఈ ఏడాది పదో తరగతికి వచ్చాడు.

జవాబు: ఐదేళ్లకు పట్టా వస్తుంది, ఉద్యోగం రాదు. జడ్జి ఉద్యోగాల్లో మొదటి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు లాయర్‌గా ప్రాక్టీస్ చేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. ఇప్పుడు మీ అమ్మాయికి 18 ఏళ్లనుకుందాం. 23కి పట్టా, 26కి పరీక్ష రాసే అర్హత వస్తాయి. ఆ తర్వాత నోటిఫికేషన్ పడాలి, స్క్రీనింగ్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. మొదటిసారే ఎంపికైనా 27, 28 ఏళ్లు వస్తాయి. మొదటిసారే ఎంపికయ్యేవాళ్లు తక్కువే.

ఇక డబ్బు సంగతి. ఫీజు ఐదేళ్లకు 2,50,000. అమ్మాయి ఇంటి నుంచే వెళ్లొస్తే రైలు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, చేతి ఖర్చు కలిపి నెలకు 3 వేలు వేసుకోండి, మరో 1,80,000. మీరు మనసులో వేసుకున్న లెక్క ఇక్కడితో ఆగింది. కానీ ఆ తర్వాత మూడేళ్లు సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉంటుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని లాయర్ల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. చాలామంది జూనియర్లకు దారిఖర్చులు వస్తే అదే ఎక్కువ. కాబట్టి ఆ మూడేళ్లూ, పరీక్ష కోసం ఇంకో ఏడాదీ నెలకు 5 వేలు ఇంటి నుంచే ఇవ్వాల్సి వస్తుందనుకోండి, ఇంకో 2,40,000. మొత్తం 6,70,000. అందులో మూడో వంతుకు పైగా పట్టా వచ్చాక పెట్టే ఖర్చే.

‘ఆ మూడేళ్లు ఏదైనా ఉద్యోగం చేసుకుంటూ ప్రాక్టీస్ చేస్తుందిలే’ అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. కుదరదు. ప్రాక్టీస్ చేసే లాయరు జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మీ బాబు సంగతి. అక్క లా మూడో ఏడు ముగించేసరికి వాడి ఇంటర్ అయిపోతుంది. ఇంజినీరింగ్‌లో చేరితే వాడి నాలుగేళ్లూ అక్క చివరి రెండేళ్ల కాలేజీ, మొదటి రెండేళ్ల ప్రాక్టీసూ ఒకేసారి నడుస్తాయి. మీ 28 వేల మీద అసలు బరువు పడేది అప్పుడే. చీటీ వేసినా, ఆర్‌డీ కట్టినా ఆ నాలుగేళ్లకు చేతికొచ్చేలా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఆ మూడేళ్ల ప్రాక్టీసు కాగితం మీద చూపిస్తే సరిపోదు. బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా పేరు నమోదు, అంటే ఎన్‌రోల్, చేయించుకుని కోర్టు మెట్లెక్కకుండా కోచింగ్‌లో కూర్చున్నవాళ్లు సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు. పదేళ్ల అనుభవమున్న లాయరు ఇచ్చిన ధ్రువపత్రం మీద ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి సంతకం కూడా ఉండాలి. రోజూ కోర్టులో కనిపించని పిల్లకు ఎవరు సంతకం పెడతారు? వకాలత్‌ల మీద తన పేరుండాలి, వాయిదాల డైరీ రాసుకోవాలి. ఒక మంచి విషయం ఏమిటంటే, మూడేళ్లను పట్టా వచ్చాక మొదట ఇచ్చే తాత్కాలిక నమోదు, అంటే ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, తేదీ నుంచే లెక్కిస్తారు, లాయర్లు ఆ తర్వాత రాసే బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు. బ్యాక్‌లాగ్ ఒక్కటి మిగిలినా ఎన్‌రోల్‌మెంట్ వెనక్కి పోతుంది, దానితోపాటు ఈ లెక్కా జరుగుతుంది.

అమ్మాయికి లా మీద గట్టి ఇష్టం ఉంటే ఐదేళ్ల కోర్సే మేలు, ఒక ఏడాది కలిసొస్తుంది. కానీ అందులో మధ్యలో బయటికొచ్చే దారి లేదు. మూడేళ్లు చదివి మానేస్తే చేతిలో డిగ్రీ కూడా ఉండదు. కాస్త అనుమానం ఉన్నా బీకాం చేయించి, ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీకి పంపించండి. ఏడాది ఎక్కువ పట్టినా, మనసు మారితే ఒక డిగ్రీ ఉంటుంది, ఉద్యోగం చూసుకోవచ్చు. మీ ఇంటి పరిస్థితికి నేనైతే దీనివైపే మొగ్గుతాను.

ఫీజు కట్టేముందు గుంటూరు జిల్లా కోర్టుకు అమ్మాయిని ఒక వారం పంపండి. సెలవులు లేని రోజులు చూసుకోండి. మామూలుగా విచారణలు ఎవరైనా వెనక కూర్చుని చూడొచ్చు. సాక్షి తెలుగులో చెప్పేది, లాయరు అడిగేది వినమనండి. మధ్యాహ్నం ఒకరిద్దరు జూనియర్ లాయరమ్మలతో మాట్లాడి, నెలకు ఎంత వస్తోంది, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి ఎన్నింటికి వెళ్తున్నారు అని అడగమనండి. వాళ్లు చెప్పింది విన్నాక కూడా చేరతానంటే, నేను వేసిన లెక్క కాగితం ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.