పాత నెక్లెస్ మార్చే ముందు

చి.ల.సౌ. సుజాతకు అత్తయ్య దీవెనలు.

అమ్మమ్మ ఇచ్చిన కెంపుల నెక్లెస్ భీమవరంలో ఇచ్చేసి, గొలుసు తీసుకుంటానని రాశావు. తీసుకో, బీరువాలో పెట్టుకుని ఏం చేస్తాం? అయితే అందరూ తరుగు దగ్గరే బేరమాడతారు. అంతకంటే ఎక్కువ డబ్బు పోయేది పాత బంగారానికి లెక్క కట్టేటప్పుడు.

నెక్లెస్ మూడు కాసులు, అంటే 24 గ్రాములు తూగిందనుకో. అందులో కెంపులూ, వాటి కింద లక్కా ఉన్నాయి. వాటి బరువు ఉజ్జాయింపుగా తీసేస్తామంటే ఒప్పుకోకు. రాళ్లు ఊడదీయించి వెనక్కి తీసుకుని, బంగారం నీ ఎదురుగా కరిగించమను. కరిగించకుండా స్వచ్ఛత చూసే మిషన్‌లో పెడితే అది పైపొరనే చూస్తుంది, లోపలి సంగతి తెలియదు.

ముద్ద 22 గ్రాములు వచ్చి, మిషన్ 85 శాతం చూపించిందనుకుందాం. పాత నగలకు అతుకులెక్కువ, అందుకే శాతం తగ్గుతుంది. 22లో 85 శాతమంటే 18.7 గ్రాముల మేలిమి బంగారం. ఇక్కడే జాగ్రత్త! ఈ 18.7ని ఆ రోజు 22 క్యారెట్ల ధరతో గుణిస్తే నువ్వు నష్టపోతావు. 22 క్యారెట్లంటేనే 91.6 శాతం, అంటే కల్తీ లెక్క ఆ ధరలో ముందే తీసేసి ఉంది. మేలిమి బరువుకు మేలిమి ధరే, అంటే 24 క్యారెట్ల ధరే కట్టాలి. లేదా 18.7ని 0.916తో భాగించు, 20.41 వస్తుంది. దానికి 22 క్యారెట్ల ధర కట్టించుకో.

లెక్క తేలిగ్గా ఉండాలని 22 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. సరైన లెక్కలో నీకు 2,04,100 రావాలి. తప్పు లెక్కలో 1,87,000 వస్తుంది. నీకు తెలియకుండానే పదిహేడు వేలు పోయినట్టే! దాని మీద మళ్లీ "కరిగింపు తరుగు" అని రెండు మూడు శాతం తీస్తామంటారు. ముద్దనే తూచాక ఇంకా తరుగేమిటని గట్టిగా అడుగు.

ఇక కొత్త గొలుసు 20 గ్రాములైతే 2,00,000. తరుగు 12 శాతం, 24,000. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, 6,720. పాత బంగారం ఇచ్చావని జీఎస్టీ తగ్గదు, కొత్త నగ పూర్తి విలువ మీదే వేస్తారు. అంతా 2,30,720. పాతది పోను నువ్వు ఇవ్వాల్సింది సుమారు 26,600. తరుగు 12 నుంచి 10కి తగ్గించుకున్నా మిగిలేది నాలుగు వేలే, అందుకే ముందు పాతదాని లెక్క చూడమంటున్నాను.

గొలుసు మీద 916తో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉండాలి. దాన్ని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకో.

నెక్లెస్ కరిగించక ముందే ఏ ధరకు, ఏ లెక్కన కడతారో కాగితం మీద రాయించుకో. నచ్చకపోతే నెక్లెస్ తీసుకుని వచ్చెయ్, కరిగాక ఆ అవకాశం ఉండదు. కొట్టుకు బావని కూడా తీసుకెళ్లు.

మీ అత్తయ్య,
పాలకొల్లు