వాచీ ఒరిజినలే అనుకుంటున్నా, బిల్లు లేదు: ప్రకటనలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా బావగారు 2021లో దుబాయ్ నుంచి వస్తూ నాకు ఫాసిల్ వాచీ తెచ్చిచ్చారు. డబ్బా ఉంది, బిల్లు లేదు. బరంపురంలో రోడ్డు పక్కన ఐదొందలకి కొన్న రేబాన్ కూలింగ్ గ్లాసెస్ కూడా ఉన్నాయి. రెండూ ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మేద్దామనుకుంటున్నాను. వాచీకి ‘ఒరిజినల్’ అని రాయొచ్చా? కళ్లద్దాలకి ‘ఫస్ట్ కాపీ’ అని నిజాయితీగా రాసేస్తే సరిపోతుందా? రేపు కేసులూ టెన్షన్లూ లేకుండా ఎలా రాయాలో చెప్పండి.

జవాబు: ముందు కళ్లద్దాల సంగతి తేల్చేద్దాం. వాటిని అమ్మకండి. ‘ఫస్ట్ కాపీ’ అని రాస్తే కొనేవాడిని మోసం చేయలేదని చెప్పుకోవచ్చేమో గానీ, కంపెనీ పేరును అనుమతి లేకుండా వేసిన సరుకు అమ్ముతున్నానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 104వ సెక్షన్ అలాంటి సరుకు అమ్మడాన్నే కాదు, అమ్మకానికి పెట్టడాన్నీ, అమ్మడం కోసం దగ్గర ఉంచుకోవడాన్నీ నేరమే అంటుంది. అంటే బేరం కుదరకపోయినా ప్రకటన ఒక్కటే చాలు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఐదొందల కళ్లద్దాల కోసం ఎవరూ పర్లాకిమిడి దాకా రారు అనుకుంటారేమో. రాకపోవచ్చు. అయినా వస్తే చెప్పుకోవడానికి మీకు మాట ఉండదు. ‘నాకు తెలియదు’ అనడానికి కొన్న ధరే అడ్డం. అద్దం మూల మీద ఆర్‌బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి కదా అంటారా, నకిలీ చేసేవాడు మొట్టమొదట చెక్కేవి అవే. మీరే పెట్టుకుని తిరగండి.

వాచీ సంగతి వేరు. అది అసలుదేనని మీరు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు, రుజువు లేదు, అంతే. అసలు సరుకును వాడిన తర్వాత తిరిగి అమ్ముకోవడానికి ట్రేడ్ మార్క్ చట్టం అడ్డు చెప్పదు. చిక్కంతా ‘ఒరిజినల్’ అన్న ఒక్క మాటతోనే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 18వ సెక్షన్ చాలామంది ఊహించని మాట చెబుతుంది. మీరు నిజమని నమ్మి చెప్పినా సరే, అంత గట్టిగా చెప్పడానికి సరిపడా సమాచారం మీ దగ్గర లేకుండా చెప్పి, అది అబద్ధమని తేలితే, దాన్ని తప్పుడు ప్రకటనగానే చూస్తారు. అప్పుడు కొన్నవాడు బేరాన్ని రద్దు చేసుకుని డబ్బు వెనక్కి అడగొచ్చు. ‘మా బావ ఇచ్చారు కాబట్టి ఒరిజినలే’ అన్నది సరిగ్గా ఈ కోవలోకి వస్తుంది. బావగారు ఎక్కడ కొన్నారో మీకు తెలియదు కదా! ఇక నకిలీ అని తెలిసీ ఒరిజినల్ అని చెప్పినవాడిది మోసం. అది క్రిమినల్ కేసు దాకా పోతుంది.

కాబట్టి మీకు తెలిసింది రాయండి, నమ్మేది రాయకండి. నేనైతే ఇలా రాస్తాను:

“వాడిన చేతి వాచీ. డయల్ మీద, వెనక మూత మీద ఫాసిల్ అని ఉంది. మూత మీది నంబర్లు ఫోటోలో చూడండి. 2021లో దుబాయ్ నుంచి వచ్చిన మా బంధువు బహుమతిగా ఇచ్చారు. డబ్బా ఉంది. బిల్లు, వారంటీ కార్డు లేవు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఎప్పుడూ చూపించలేదు. అందుకని ఒరిజినల్ అని నేను హామీ ఇవ్వలేను. పర్లాకిమిడి వచ్చి, కావాలంటే మీకు తెలిసిన వాచీ మెకానిక్‌కి చూపించుకుని తీసుకోవచ్చు.”

గీతలూ, స్ట్రాప్ అరుగుదలా ఉంటే అవీ చేర్చండి. ‘ఫాసిల్ వాచీ’ అనకుండా ‘ఫాసిల్ అని ఉంది’ అనడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, తేడా ఉంది. వస్తు విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి, లేకపోతే షరతు తప్పినట్టే. యాప్‌లో బ్రాండ్ అని ఒక గడి ఉండి, ఫాసిల్ అని ఎంచుకోక తప్పకపోతే ఎంచుకోండి. కానీ హామీ లేదన్న వాక్యాన్ని అడుగున దాచకుండా మొదటి రెండు వరుసల్లోకి తెచ్చేయండి.

మాటలు ఇంత జాగ్రత్తగా రాసి ధర దగ్గర జారిపోతుంటారు. కొత్తదాని ధర పన్నెండు వేలని వేసి, దాన్ని కొట్టేసి, పక్కన ఏడు వేలని రాశారనుకోండి. ఒరిజినల్ అని నోటితో అనకపోయినా అన్నట్టే. కంపెనీ వెబ్‌సైట్ నుంచి తీసిన ఫోటో పెట్టినా అంతే. మీ ఫోన్‌తో, మీ ఇంట్లో తీసిన ఫోటోలే పెట్టండి. మన సరిహద్దు ఊళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. ప్రకటన తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో మరోలా పెడతారు. ఏదో ఒక దాంట్లో ‘100% ఒరిజినల్’ మిగిలిపోతుంది. ఫిర్యాదు చేసేవాడు పట్టుకొచ్చేది ఆ స్క్రీన్‌షాటే.

ప్రకటన కంటే ప్రమాదం చాట్. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ప్రకటనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం నుంచి ఒకబ్బాయి ‘ఒరిజినలేనా అన్నా?’ అని మెసేజ్ పెట్టాడు. ఈయన ‘పక్కా తమ్ముడూ’ అన్నాడు. రెండు వారాలకి వాచీ ఆగిపోయింది, మెకానిక్ మూత తీసి లోపలి మిషను చూసి పెదవి విరిచాడు. ఆ ‘పక్కా’ ముందు ప్రకటన మొత్తం ఎగిరిపోయింది. డబ్బు తిరిగిచ్చి రాజీ పడ్డారు. కొన్నవాడు ఆంధ్రలో ఉన్నాడు కదా, ఒడిశా దాకా ఏం వస్తాడులే అనుకోవడానికీ లేదు. ఫోన్ మెసేజ్‌తో మోసం చేశాడన్న ఆరోపణైతే, మెసేజ్ అందిన చోట కూడా కేసు నడుస్తుంది. మిమ్మల్ని అడిగితే ‘ప్రకటనలో రాసిందే నాకు తెలిసింది, అంతకుమించి చెప్పలేను’ అనండి. బేరం పోతే పోనివ్వండి.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ‘హామీ లేదు’ అన్న వాక్యం నిజంగా తెలియనివాడిని కాపాడుతుంది, అనుమానాన్ని దాచుకున్నవాడిని కాదు. మెకానిక్ ఇప్పటికే ‘ఇది డూప్లికేట్ సార్’ అని ఉంటే ఆ వాక్యం మీకు పనికిరాదు, వాచీ కూడా కళ్లద్దాల పక్కనే ఉండిపోవాలి. అలాగే ఇది సొంత వస్తువు ఒక్కసారి అమ్మే వాళ్ల సంగతి. నెలకో పది వాచీలు తెచ్చి అమ్మడం మొదలుపెడితే మీరు వ్యాపారి కిందికి వస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019, దాని ఈ-కామర్స్ నియమాలు మీకూ వర్తిస్తాయి.

ఈలోపు బావగారికి ఒక మెసేజ్ పెట్టండి: వాచీ ఏ షాపులో, ఏ నెలలో కొన్నారని. 104వ సెక్షన్ కింద ఎవరైనా నిలదీస్తే, జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, అనుమానించే కారణం లేదనీ, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడిగినప్పుడు చెప్పాననీ చూపించుకోవలసింది మీరే. ఆయన జవాబు తుడిచేయకండి. వాచీ చేతికిచ్చే రోజు వెనక మూత నంబరు ఫోటో తీసి కొన్నవాడికి వాట్సాప్‌లో పంపించండి. తర్వాత వేరే వాచీ తెచ్చి ‘నువ్విచ్చింది ఇదే’ అంటే అప్పుడు చూపించడానికి ఉంటుంది.