నాన్నగారు పోయారు, విమానం టికెట్ డబ్బు వెనక్కి రావాలంటే ఏ కాయితాలు పంపాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలం 14వ తేదీన చెన్నై నుంచి సింగపూర్ వెళ్ళాలని రెండు నెలల ముందే ఏజెంటు దగ్గర టికెట్లు తీసుకున్నాం. నలుగురికీ కలిపి 74,000 అయింది. మా చెల్లెలికి హైదరాబాద్ నుంచి వేరే టికెట్, అది నాన్నగారి డెబిట్ కార్డుతో కొన్నాం. 6వ తేదీన నాన్నగారు వేలూరు ఆసుపత్రిలో కాలం చేశారు. 9న అన్ని టికెట్లూ రద్దు చేయించాం. అవి నాన్-రిఫండబుల్, 11,600 మాత్రమే వస్తుందని ఏజెంటు అంటున్నాడు. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే “డాక్యుమెంట్లు పంపండి, చూస్తాం” అన్నారు. ఏం పంపాలి? మిగతా డబ్బు వచ్చే దారి ఉందా?

జవాబు: ఈ సమయంలో కాయితాల వెంట తిరగాల్సి రావడం ఎంత భారమో తెలుసు. మీరు చేసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది, విమానం బయలుదేరకముందే రద్దు చేయించడం. దుఃఖంలో చాలా ఇళ్ళలో ఆ సంగతే ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు టికెట్ చెప్పకుండా రానివారి లెక్కలో, అంటే ‘నో-షో’ కింద పడుతుంది, తిరుగు ప్రయాణం కూడా దానంతట అదే రద్దవుతుంది, ఆ తర్వాత ఎన్ని కాయితాలు చూపినా వాదన బలహీనపడుతుంది. 9వ తేదీన రద్దు చేసినట్టు వచ్చిన ఈమెయిల్ గానీ మెసేజ్ గానీ భద్రంగా ఉంచండి. మీ ఫైల్లో మొదటి కాయితం అదే.

ఏజెంటు చెప్పే 11,600 ఎక్కడిదో చూడండి. ఒక్కో టికెట్ 18,500లో పన్నులు, విమానాశ్రయ రుసుములు కలిపి 2,900 ఉంటే నలుగురికి సరిగ్గా 11,600 అవుతుంది. టికెట్ ఎంత చవకదైనా, నాన్-రిఫండబుల్ అని రాసి ఉన్నా, ఈ భాగం తిరిగి ఇవ్వాల్సిందేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2016 ఆగస్టు 1 నుంచే నిబంధన పెట్టింది. అంటే దానికి మరణ ధ్రువపత్రంతో పనే లేదు, అది ఎలాగూ మీ డబ్బే. ఇప్పుడు మీరు అడగాల్సింది మిగిలిన 62,400, అంటే బేస్ ఫేర్, ఇంధన సర్‌చార్జి. దాన్ని ఇవ్వడం చాలావరకు ఎయిర్‌లైన్ సొంత నియమాల మీద ఆధారపడుతుంది. దగ్గరి బంధువు మరణిస్తే రద్దు రుసుము మాఫీ చేసే పద్ధతి చాలా సంస్థల్లో ఉంది. దాన్ని వాళ్ళు ‘వేవర్’ అంటారు. కాబట్టి మీ ఉత్తరంలో ‘రిఫండ్ ఇవ్వండి’ అని కాకుండా ‘మరణం కారణంగా రద్దు రుసుము వేవర్ చేయండి’ అని రాయండి. మొదటి మాట రాస్తే మామూలు రిఫండ్ విభాగానికి పోయి, అదే 11,600 లెక్కతో తిరిగి వస్తుంది.

ఆ కాయితాలు చూసే ఉద్యోగి మూడు సంగతులే వెతుకుతాడు. మరణం నిజమేనా, టికెట్ కొన్న తేదీకీ ప్రయాణ తేదీకీ మధ్యనే జరిగిందా, పోయినవారు ఈ ప్రయాణికుడికి ఏమవుతారు. మొదటి రెండూ మరణ ధ్రువపత్రంతోనూ టికెట్‌తోనూ తేలిపోతాయి. ఫైళ్ళు ఎక్కువగా ఆగేది మూడోదాని దగ్గర.

ముందు ధ్రువపత్రం సంగతి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, సొంతూరితో సంబంధం లేదు. నాన్నగారు వేలూరులో పోయారు కాబట్టి చిత్తూరు మీసేవలోనో వార్డు సచివాలయంలోనో అడిగితే రికార్డు దొరకదు. మన జిల్లా వాళ్ళు వైద్యానికి వేలూరు వెళ్ళడం మామూలే కాబట్టి ఈ తిరుగుడు చాలామందికి తప్పడం లేదు. ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని ఆసుపత్రే స్థానిక రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి, దానికి చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడిగితే ఏ రిజిస్ట్రార్‌కు పంపారో చెబుతారు. తమిళనాడు ధ్రువపత్రం తమిళం, ఇంగ్లిష్ రెండింటిలో ఉంటుంది కాబట్టి అనువాదం అక్కర్లేదు. ఇంగ్లిష్ లేని పాత పత్రమైతే, ముఖ్యంగా విదేశీ ఎయిర్‌లైన్‌కు, నోటరీ చేసిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

ధ్రువపత్రం వచ్చేదాకా ఆగకండి. ఆసుపత్రి ఇచ్చిన డెత్ సమ్మరీతో ఇవాళే దరఖాస్తు పెట్టి, ‘రిజిస్ట్రార్ పత్రం రాగానే పంపుతాం’ అని ఒక వాక్యం రాయండి. డెత్ సమ్మరీ ఒక్కదానితో డబ్బు ఇవ్వకపోవచ్చు, కానీ ఫైల్ నంబర్ వస్తుంది, గడువులోపే అడిగినట్టు రుజువు ఉంటుంది. శ్మశానంలో ఇచ్చిన రసీదు, పేపర్లో వేసిన ప్రకటన మాత్రం ధ్రువపత్రానికి బదులు పనికిరావు.

ఇక బంధుత్వం. చాలామంది ఆధార్ పంపి ఊరుకుంటారు. ఆధార్‌లో చిరునామా ముందు ఉండే ‘కేరాఫ్’ బంధుత్వానికి రుజువు కాదు. మీ చేతిలో అంతకన్నా మంచి కాయితం ఉంది, అదే మీ పాస్‌పోర్టు. దాని చివరి పేజీలో తండ్రి పేరు, తల్లి పేరు, భార్య లేదా భర్త పేరు అచ్చయి ఉంటాయి. టికెట్ మీద ఉన్నదీ పాస్‌పోర్టు పేరే కాబట్టి టికెట్ నుంచి మీకు, మీ నుంచి నాన్నగారికి సూటిగా లంకె కుదురుతుంది. మీకు మీ పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ చాలు. మీ భార్యకు ఆమె పాస్‌పోర్టులో భర్తగా మీ పేరు ఉండాలి. పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టయితే వివాహ ధ్రువపత్రం కలపండి. పిల్లల పాస్‌పోర్టుల్లో తండ్రిగా మీ పేరు ఉంటుంది, మీ పాస్‌పోర్టుతో కలిపి చూస్తే మనవలని తేలుతుంది. మామగారు, తాతగారు ‘దగ్గరి బంధువు’ జాబితాలో ఉన్నారా లేదా అన్నది ఒక్కో ఎయిర్‌లైన్‌కు ఒక్కో తీరు. అందుకే నలుగురూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే విడివిడిగా అడగకండి. ‘కుమారుడు, అతని కుటుంబం కలిసి చేయాల్సిన ప్రయాణం’ అని ఒకే దరఖాస్తుగా పెట్టండి.

మీ చెల్లెలిది వేరే పీఎన్ఆర్. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారి ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆమె పాస్‌పోర్టు చివరి పేజీలోనూ తండ్రి పేరే ఉంటుంది. ఆమె దరఖాస్తులో మీ పీఎన్ఆర్, మీ దాంట్లో ఆమెది రాయండి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ గట్టి రుజువే, కానీ దానికి విచారణ, సంతకాలు ఉంటాయి. పాస్‌పోర్టులు ఉన్నప్పుడు టికెట్ కోసం దాని దాకా పోనవసరం లేదు. బ్యాంకు, ఆస్తి పనులకు ఎలాగూ కావాలి కాబట్టి దరఖాస్తు మాత్రం పెట్టి ఉంచండి.

ఇప్పుడు మన పేర్లతో వచ్చే అసలు చిక్కు. ఉదాహరణకు ధ్రువపత్రంలో `C Munirathnam` అని, మీ పాస్‌పోర్టు చివరి పేజీలో `Chinthala Muniratnam` అని ఉందనుకోండి. మనకు ఒక్కరే. విదేశంలో కూర్చుని ఫైల్ చూసేవాడికి ఇద్దరు వేర్వేరు మనుషులు. రెండు పేర్లనూ కలిపే మూడో కాయితం ఒకటి, నాన్నగారి పాన్ కార్డో పాస్‌పోర్టో, జతచేసి ఉత్తరంలో ‘ఈ రెండు పేర్లూ ఒకరివే’ అని రాయండి. అలాంటిది దొరకకపోతే నోటరీ అఫిడవిట్ చేయించండి. ధ్రువపత్రంలోనే అక్షరం తప్పు పడితే, రిఫండ్ కోసం కాకపోయినా, రిజిస్ట్రార్ దగ్గర దిద్దించండి. బీమా, పింఛను, బ్యాంకు పనులన్నిటికీ ఆ కాయితమే ఆధారం.

పంపే తీరు కూడా చెబుతాను. ఈమెయిల్ సబ్జెక్టులో `Waiver request - death of father - PNR` అని రాసి, పక్కనే మీ పీఎన్ఆర్ వేయండి. లోపల టికెట్ కొన్న తేదీ, మరణించిన తేదీ, రద్దు చేసిన తేదీ, ప్రయాణ తేదీ వరుసగా నాలుగు వరుసల్లో రాయండి. కాయితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటోల్లో ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు చదవడానికి రాక ఫైళ్ళు వెనక్కి వస్తుంటాయి. ఆధార్ తప్పనిసరిగా అడిగితే నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కప్పిన మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

ఏజెంటు దగ్గర కొన్న టికెట్‌కు డబ్బు సాధారణంగా ఏజెంటు ద్వారానే వస్తుంది. అందుకని ఎయిర్‌లైన్‌కు పంపిన ఈమెయిల్ కాపీ ఏజెంటుకూ పెట్టండి. ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే వేవర్ అనుమతిని ఈమెయిల్‌లోనే తెలుపమనండి, ఏజెంటు దాన్ని చూపే మొత్తం రిఫండ్ వేయించగలడు. ఈలోగా ఏజెంటు ఆ 11,600 ఇచ్చి ‘పూర్తి, తుది చెల్లింపు’ అని సంతకం అడిగితే, ‘పన్నుల వరకు మాత్రమే అందింది’ అని రాసి సంతకం పెట్టండి. ఎయిర్‌లైన్ డబ్బుకు బదులు ‘క్రెడిట్ షెల్’, అంటే తర్వాతి టికెట్‌కు వాడుకునేలా వాళ్ళ దగ్గరే ఉంచే జమ, ఇస్తానంటే, అది తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టమే తప్ప వాళ్ళు మీ మీద రుద్దకూడదు. ఒకసారి ఒప్పుకున్నాక మళ్ళీ డబ్బుగా మార్చుకోవడం కష్టం. ఏజెంటు సర్వీసు చార్జి మాత్రం వస్తుందని లెక్కలో వేసుకోకండి.

ఇదే పరిస్థితిలో మనిషి ఆసుపత్రిలో చికిత్సలో ఉంటే కాయితాల తీరు మారుతుంది. ‘వారం విశ్రాంతి అవసరం’ అని చీటీ రాయించుకుంటే చెల్లదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రోగి పేరు, చేరిన తేదీ, జబ్బు, ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విమాన ప్రయాణానికి తగరు’ అన్న వాక్యం, డాక్టరు సంతకం, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. ఆ తేదీల్లో ప్రయాణ దినం పడాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పంపితే, ప్రయాణానికి మూడు రోజుల ముందే ఇంటికి పంపేశారని అందులో ఉండటం వల్ల తిరస్కరించవచ్చు. రోగి ప్రయాణికుడు కాక ఇంట్లో మనిషైతే, ప్రయాణికుడు దగ్గర ఉండాల్సిన అవసరాన్ని కూడా డాక్టరు రాయాలి. టికెట్ కొనకముందే ఉన్న జబ్బయితే ఎయిర్‌లైన్ కాదనవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ మెలిక అక్కడా ఉంటుంది, పాలసీ చదవండి. బీమా సంస్థకు ఇవే కాయితాలతో పాటు ఎయిర్‌లైన్ ఎంత ఇచ్చింది, ఎంత ఇవ్వలేదు అన్న లేఖ కావాలి.

చివరగా మీ చెల్లెలి టికెట్. రిఫండ్ కట్టిన కార్డుకే, అంటే నాన్నగారి ఖాతాకే పోతుంది. ఆ డబ్బు వచ్చేదాకా ఆ ఖాతా మూసేయకండి. బ్యాంకుకు మరణం తెలియజేయడం ఆపమని కాదు, తెలియజేయాల్సిందే. ఆ తర్వాత వచ్చే జమలను ‘ఫలానా వారి ఎస్టేట్’ పేరున ఖాతా తెరిచి అందులో వేయడానికి, లేదా ‘ఖాతాదారు మరణించారు’ అన్న కారణంతో పంపినవారికి తిప్పి పంపడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు వీలిచ్చాయి. మీ బ్రాంచిలో రెండింటిలో ఏది చేస్తారో అడిగి, ఎస్టేట్ ఖాతా కావాలని రాతపూర్వకంగా ఇవ్వండి. తిప్పి పంపేస్తే ఆ డబ్బు మళ్ళీ ఏజెంటు దగ్గరో ఎయిర్‌లైన్ దగ్గరో ఉండిపోతుంది. అప్పుడు వారసుల పత్రం చూపి చెల్లెలి ఖాతాకు మార్పించడానికి ఇంకో తిరుగుడు మొదలవుతుంది.

ఎయిర్‌లైన్ ఎంతకీ పలకకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవలో, `airsewa.gov.in` లో, ఫైల్ నంబరుతో ఫిర్యాదు పెట్టండి. ఏజెంటు డబ్బు తన దగ్గరే ఆపుకున్నాడని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి.